టెండరులో అనుమానం అడగడం ఎలా: ఆసక్తి లేఖ నుంచి అడెండం దాకా

టెండరు పత్రంలో ఒక క్లాజు అర్థం కాకపోతే కొనుగోలు విభాగాన్ని అడగవచ్చని అందరికీ తెలుసు. అడిగిన ప్రశ్నా, దానికొచ్చిన జవాబూ పోటీలో ఉన్న ప్రతి బిడ్డరుకూ వెళ్తాయన్నది మాత్రం చాలామంది ప్రశ్న పంపేశాకే గుర్తు చేసుకుంటారు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్టాల సంఘం అన్సిట్రాల్ 2011లో రూపొందించిన ప్రభుత్వ కొనుగోళ్ల నమూనా చట్టం ఈ విషయాన్ని 15వ అధికరణలో చెబుతుంది. బిడ్డరు గడువులోగా వివరణ కోరవచ్చు, కొనుగోలుదారు జవాబివ్వాలి. ఆ జవాబును అడిగినవారి పేరు చెప్పకుండా, పత్రాలు అందుకున్న అందరికీ పంపాలి. ప్రపంచ బ్యాంకు ప్రామాణిక బిడ్డింగ్ పత్రాల్లోనూ ఇదే పద్ధతి. ప్రైవేటు సంస్థల టెండర్లకు చట్టం ఇంత కచ్చితంగా వర్తించకపోయినా, వాటి కొనుగోలు విభాగాలు కూడా ఎక్కువగా ఈ దారిలోనే నడుస్తాయి.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. మీ ప్రశ్న మీ వ్యూహాన్ని బయటపెట్టకూడదు. మీకు కావలసింది ఒక ఈమెయిల్‌లో వచ్చే మాట కాదు, టెండరు పత్రంలోనే జరిగే మార్పు, అంటే అడెండం. ప్రశ్నను ఎలా రాయాలి, ఎప్పుడు పంపాలి, ఏది అడగకుండా వదిలేయాలి అనేవన్నీ ఈ రెండింటిమీదే ఆధారపడతాయి.

ముందు పేరు నమోదు

ఆసక్తి వ్యక్తీకరణ, అంటే ఈవోఐ, అన్న మాటను రెండు వేర్వేరు పనులకు వాడుతున్నారు. పిలుపులో ఏది అడిగారో మొదటే చూసుకోవాలి. ఒక రకం ఈవోఐ నిజానికి వడపోత దశ. అనుభవం, టర్నోవరు, సిబ్బంది వివరాలు తీసుకుని మార్కులు వేసి, షార్ట్‌లిస్టులో చేరినవారికే అసలు టెండరు పత్రం ఇస్తారు. దానికి రెండు పేరాల ఉత్తరం పంపితే అక్కడితో కథ ముగిసినట్టే. రెండో రకం కేవలం ‘మేము బిడ్ వేయాలనుకుంటున్నాం’ అని తెలియజేయడం. ఇందులో మార్కులుండవు. కానీ అడెండాలు, జవాబులు, గడువు పొడిగింపు నోటీసులు ఎవరికి పంపాలన్న జాబితా దీన్నిబట్టే తయారవుతుంది. పత్రాన్ని పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసినంత మాత్రాన ఆ జాబితాలో పేరు చేరుతుందని అనుకోకూడదు. కొన్ని పోర్టళ్లలో లాగిన్ కాకుండానే డౌన్‌లోడ్ చేయవచ్చు. అలా దించుకున్నవారు ఎవరో కొనుగోలుదారుకు తెలిసే దారే ఉండదు.

రెండో రకం లేఖ సగం పేజీ దాటనక్కర్లేదు. టెండరు నంబరు, పేరు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. సంస్థ చట్టబద్ధమైన పూర్తి పేరు ఇవ్వాలి. బిడ్ వేసేది మరో అనుబంధ సంస్థ పేరుతోనైతే ఆ పేరే ఇవ్వాలి. ఏయే పత్రాలు అందాయో అనుబంధాల సంఖ్యతో సహా చెప్పాలి. జాబితాలో అయిదు అనుబంధాలుండి పోర్టల్‌లో నాలుగే కనబడటం అరుదేమీ కాదు, దాన్ని పట్టుకోవడానికి ఇదే సరైన చోటు. సంప్రదించవలసిన వ్యక్తితో పాటు, ఇద్దరు ముగ్గురు చూసే ఉమ్మడి ఈమెయిల్ చిరునామా కూడా ఇవ్వడం మంచిది. అడెండం వచ్చిన రోజే ఆ ఒక్కరూ సెలవులో ఉండటం టెండర్ల లోకంలో ఆనవాయితీ. చివరగా, అడెండాలూ జవాబులూ పంపే జాబితాలో చేర్చమని, లేఖ అందినట్టు తెలపమని కోరాలి. ధర, రాయితీ, షరతుల ప్రస్తావన ఈ లేఖలో ఒక్క ముక్క కూడా ఉండకూడదు.

లేఖ వెళ్లిన తర్వాత సంప్రదింపులన్నీ పత్రంలో పేర్కొన్న కొనుగోలు విభాగం చిరునామాకే. పరికరాన్ని వాడబోయే విభాగంలో తెలిసిన ఇంజనీరు ఉన్నా, ఆయన్ను అడిగితే పది నిమిషాల్లో జవాబు వస్తుందనిపించినా అడగకూడదు. చాలా టెండర్లలో అలాంటి సంప్రదింపు అనర్హతకు కారణం. అనర్హత మాట పక్కన పెట్టినా, ఆయన చెప్పిన మాటకు రేపు కాంట్రాక్టులో విలువ లేదు.

ఒక టెండరును పట్టి చూద్దాం

ఒక సంస్థ తన 24 కార్యాలయాలకు ఒక్కో 10 కేవీఏ యూపీఎస్ చొప్పున సరఫరా, బిగింపు, మూడేళ్ల నిర్వహణకు టెండరు పిలిచిందనుకుందాం. ప్రశ్నలకు గడువు 12వ రోజు, జవాబులు 18వ రోజుకల్లా, బిడ్‌కు ఆఖరు 30వ రోజు. సాంకేతిక వివరణలో ‘పూర్తి లోడుపై కనీసం 30 నిమిషాల బ్యాకప్’ అని ఉంది. బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో, అంటే బీవోక్యూలో, ‘12 వోల్టులు, 42 ఏహెచ్ బ్యాటరీలు, యూపీఎస్‌కు 16’ అని ఉంది. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత. విడివిడిగా చదివితే రెండూ సబబుగానే ఉన్నాయి. చిక్కు రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్క వేస్తేనే కనబడుతుంది.

పదహారు బ్యాటరీల నామమాత్రపు శక్తి 16 × 12 × 42, అంటే సుమారు 8 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద రాసిన ఏహెచ్ మామూలుగా 20 గంటలపాటు నిదానంగా ఖాళీ చేసినప్పటి లెక్క. అరగంటలో ఖాళీ చేస్తే వచ్చేది అందులో సగం దరిదాపుల్లో ఉంటుంది, కచ్చితమైన అంకె డేటాషీట్‌లో చూసుకోవాలి. అంటే చేతికొచ్చేది ఇంచుమించు 4 యూనిట్లు. ఇక కావలసింది ఎంత? ‘పూర్తి లోడు’ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ మీద 8 కిలోవాట్లా, 1 మీద 10 కిలోవాట్లా అన్నది పత్రం చెప్పలేదు. ఇన్వర్టరులో పోయే 8 శాతం కూడా కలిపితే మొదటిదానికి అరగంటకు 4.3 యూనిట్లు, రెండోదానికి 5.4 యూనిట్లు కావాలి. మొదటి అర్థంలో కొత్త బ్యాటరీలతో కూడా అంచుమీద నడక, రెండో అర్థంలో అసలు కుదరదు.

ఇప్పుడు బిడ్డర్లు రెండుగా చీలతారు. బీవోక్యూను నమ్మినవాడు 42 ఏహెచ్ ధర వేసి తక్కువ బిడ్‌తో గెలుస్తాడు, తీరా స్వీకరణ పరీక్షలో ఫెయిలవుతాడు. వివరణను నమ్మినవాడు 65 ఏహెచ్ ధర వేసి పోటీలో ఓడిపోతాడు. ఈ వైరుధ్యాన్ని అడగడంలో రహస్యం పోయేదేమీ లేదు. పైపెచ్చు అందరూ ఒకే కొలమానం మీదకు రావడం నిజాయితీగా ధర వేసేవాడికే లాభం. అందువల్ల తప్పకుండా అడగవలసిన ప్రశ్నల్లో ఇది మొదటిది.

అయితే దీన్నే ‘బ్యాటరీ కెపాసిటీ స్పష్టం చేయగలరు’ అని రాస్తే ‘టెండరు పత్రం ప్రకారం’ అనే జవాబు వస్తుంది. కొనుగోలు విభాగంలో ఆ ప్రశ్న చదివేవారు ఎక్కువగా ఇంజనీర్లు కారు. దాన్ని సాంకేతిక విభాగానికి పంపి, వాళ్ల మాటను తిరిగి చేరవేస్తారు. చిక్కు ఎక్కడుందో ప్రశ్నలోనే కనబడకపోతే అవతల ఎవరూ పత్రం తిరగేసి వెతకరు. అదే ప్రశ్నను ఇలా రాయవచ్చు:

“సాంకేతిక వివరణ, క్లాజు 4.3, పేజీ 27: ‘పూర్తి లోడుపై కనీసం 30 నిమిషాల బ్యాకప్’. బీవోక్యూ, ఐటం 2, పేజీ 61: ‘12 వోల్టులు, 42 ఏహెచ్ బ్యాటరీలు, యూపీఎస్‌కు 16’. అరగంట డిశ్చార్జి రేటు వద్ద ఐటం 2లోని బ్యాటరీలతో క్లాజు 4.3 నెరవేరేలా లేదు. దయచేసి తెలపగలరు: అ) పూర్తి లోడు అంటే ఎన్ని కిలోవాట్లు? ఆ) క్లాజు 4.3, ఐటం 2లలో ఏది వర్తిస్తుంది? క్లాజు 4.3 వర్తించేటట్లయితే, ఐటం 2ను ‘క్లాజు 4.3కు సరిపడే బ్యాటరీ బ్యాంకు, యూపీఎస్‌కు 1 సెట్’ అని సవరిస్తూ అడెండం జారీ చేయవలసిందిగా కోరుతున్నాము.”

రెండు చోట్ల మాటలను యథాతథంగా ఎత్తి రాయడం వల్ల వైరుధ్యం లేదనడానికి వీలుండదు. ‘ఎన్ని కిలోవాట్లు’, ‘ఏది వర్తిస్తుంది’ అన్న ప్రశ్నలకు తప్పించుకునే జవాబు చెప్పడం కష్టం. చివరి వాక్యం వాళ్ల పనిని సగం చేసిపెడుతుంది. సవరణ ముసాయిదా చేతిలో ఉంటే ఒప్పుకోవడం తేలిక. ‘మా కంపెనీ 65 ఏహెచ్ ఇవ్వాలనుకుంటోంది’ అన్న మాట ఇందులో ఎక్కడా లేదని గమనించాలి. బ్రాండు పేరు, మోడల్ నంబరు, ‘మా సరఫరాదారు చెప్పినదాని ప్రకారం’ లాంటి మాటలు కూడా ఉండకూడదు. మీ ప్రశ్నల పట్టికను కొనుగోలు విభాగం ఉన్నదున్నట్టు కాపీ చేసి అందరికీ పంపడం మామూలే. కాబట్టి లెటర్‌హెడ్ కవరింగ్ లేఖకే పరిమితం కావాలి. పట్టిక ఫైలు పేరులోనూ, ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు ఉండేచోటా సంస్థ పేరు లేకుండా చూసుకోవాలి.

ఒక్కో వరుసలో ఒక్క విషయమే ఉండాలి. మూడు సంగతులు ఒకే ప్రశ్నలో కలిపితే సులువైన ఒకదానికి జవాబిచ్చి మిగతా రెండూ వదిలేస్తారు. పత్రంతో పాటు ప్రశ్నల నమూనా ఇచ్చి ఉంటే అదే వాడాలి. సొంత పద్ధతిలో పంపినవాటిని పక్కన పెట్టే అధికారం వాళ్లకుంటుంది.

డబ్బు పోయేది ఎక్కువగా షరతుల్లోనే

సాంకేతిక వైరుధ్యాలు ఇంజనీర్ల కంట పడతాయి. వాణిజ్య షరతుల్లోని ఖాళీలను మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా చదవరు. ఇదే టెండరులో ‘ఆర్డరు తేదీ నుంచి 90 రోజుల్లో బిగింపు పూర్తిచేయాలి, ఆలస్యానికి వారానికి కాంట్రాక్టు విలువలో 0.5 శాతం, గరిష్ఠంగా 10 శాతం కోత’ అని ఉందనుకుందాం. బిగించవలసిన గదులూ, వాటికి విద్యుత్ కేబులూ సిద్ధం చేసేది కొనుగోలుదారు. ఆ గదులు ఎప్పటికి సిద్ధమవుతాయో పత్రంలో లేదు. 24లో 4 చోట్ల గదులు 8 వారాలు ఆలస్యమైతే, క్లాజు అక్షరాలా చదివినప్పుడు కోత మొత్తం కాంట్రాక్టు విలువలో 4 శాతం. పూర్తిచేసిన 20 చోట్లకు కూడా ఆ కోత పడుతుంది. యూపీఎస్‌ల వ్యాపారంలో మిగిలే లాభంతో పోలిస్తే ఈ 4 శాతం చిన్న ముక్క కాదు.

ఇక్కడ అడగవలసింది కోత తగ్గించమని కాదు. అలా అడిగితే బేరమాడినట్టు కనబడుతుంది, జవాబు ‘కుదరదు’ అనే వస్తుంది. 90 రోజుల లెక్క ప్రతి కార్యాలయానికీ విడిగా, ఆ గది అప్పగించిన తేదీ నుంచి మొదలవుతుందా? కోత ఆలస్యమైన భాగం విలువ మీదా, మొత్తం మీదా? ఈ రెండూ అడిగితే చాలు. కొనుగోలు విభాగం కూడా న్యాయంగా కాదనలేని ప్రశ్నలివి. స్వీకరణ సంగతి కూడా ఇలాగే. ‘స్వీకరణ తర్వాత 70 శాతం చెల్లింపు’ అని ఉండి, స్వీకరణ పరీక్ష ఎవరు చేస్తారో, ఎన్ని రోజుల్లో చేయాలో లేకపోతే ఆ 70 శాతం ఎప్పుడొస్తుందో చెప్పలేం. ‘సరఫరాదారు నోటీసు ఇచ్చిన 15 రోజుల్లో పరీక్ష జరగనిపక్షంలో స్వీకరించినట్టే భావించవచ్చా’ అని అడగడం సబబు. బ్యాకప్ 30 నిమిషాల పరీక్ష కొత్త బ్యాటరీలతో ఒక్కసారేనా, మూడో ఏడాది చివర కూడా నిలవాలా అన్నది కూడా ఈ కోవలోదే. బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడిపోతే దాని ఆయుష్షు తీరినట్టు లెక్కగట్టడం ఆ రంగంలో వాడుక. మూడేళ్ల తర్వాత కూడా 30 నిమిషాలు రావాలంటే మొదటే పెద్ద బ్యాంకు వేయాలి, లేదా మధ్యలో మార్చే ఖర్చు ధరలో కలపాలి.

అడగకూడనివి

‘అడిగితే పోయేదేముంది’ అనుకునేవారు ఒక చిన్న సంగతి మరిచిపోతారు. పత్రం ఒక విషయంలో మౌనంగా ఉందంటే అది మీకు అనుకూలం కావచ్చు. పై టెండరులో బ్యాటరీ రకం ఎక్కడా రాయలేదనుకోండి. లిథియం బ్యాటరీ ఇవ్వాలన్నది మీ ఆలోచన. ‘లిథియం అనుమతిస్తారా?’ అని అడిగితే రెండే జరుగుతాయి. కాదంటే తెరిచి ఉన్న తలుపు మూసుకుంటుంది. ఔనంటే పోటీదారులందరికీ ఆ ఆలోచన చేరుతుంది. పత్రంలో దాన్ని నిషేధించే మాట, దానికి అడ్డుపడే ప్రమాణమేదీ లేదని నిర్ధారించుకుంటే అడగకుండా ఉండటమే తెలివి. అయితే 42 ఏహెచ్, 12 వోల్టులు అన్న అంకెలు బీవోక్యూలో ఉన్నంతవరకు లెడ్ యాసిడ్ ఉద్దేశించినట్టే లెక్క. పైన రాసిన ప్రశ్నలో ‘క్లాజు 4.3కు సరిపడే బ్యాటరీ బ్యాంకు’ అన్న సవరణ ఒప్పుకుంటే, లిథియం ఊసెత్తకుండానే ఆ అడ్డు తొలగిపోతుంది. ప్రశ్న రాయడంలో నేర్పు ఇక్కడే కనబడుతుంది.

అర్హత విషయంలో మాత్రం మౌనాన్ని నమ్ముకోకూడదు. ‘గత అయిదేళ్లలో ఇలాంటి మూడు పనులు’ అన్న షరతులో ‘ఇలాంటి’కి నిర్వచనం లేకపోతే, మీ పనులు లెక్కకు వస్తాయో రావో మూల్యాంకన సంఘం తర్వాత తేలుస్తుంది. అప్పటికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడ అడిగి ‘కాదు’ అనిపించుకున్నా నష్టం లేదు, నెల రోజుల శ్రమ మిగులుతుంది.

మొహం మీదే కనబడే తప్పును చూసీ చూడనట్టు వదిలేయడం కూడా ప్రమాదమే. అమెరికా ఫెడరల్ కాంట్రాక్టుల వ్యాజ్యాల్లో స్థిరపడిన సూత్రం ఒకటుంది. అస్పష్టతను సాధారణంగా పత్రం రాసినవారికి వ్యతిరేకంగా అర్థం చేసుకుంటారు గానీ, స్పష్టంగా కనబడే వైరుధ్యాన్ని బిడ్డరు ముందే అడగకపోతే ఆ రక్షణ అతనికి దక్కదు. ఇతర చోట్ల చట్టం వేరుగా ఉండవచ్చు, కానీ ‘మాకప్పుడే తెలుసు, అందుకే తక్కువ ధర వేశాం’ అన్న వాదన ఎక్కడా సులువుగా నెగ్గదు.

పంపే సమయం

ప్రశ్నల గడువు 12వ రోజైతే ఆ సాయంత్రం పంపడం చాలామందికి అలవాటు, పోటీదారులకు ఆలోచించే సమయం ఇవ్వకూడదన్న లెక్కతో. జవాబు ఎప్పుడొచ్చినా అందరికీ ఒకేసారి వెళ్తుంది కాబట్టి ఆ లెక్కలో పెద్ద లాభం లేదు. నష్టం మాత్రం ఉంది: జవాబు తిన్నగా లేకపోతే మళ్లీ అడిగే అవకాశం పోతుంది. పరిమాణాలు మారే ప్రశ్నలను 5వ రోజుకల్లా పంపి, మిగతావి తర్వాత రెండో విడతగా పంపడం మేలు. బ్యాటరీ మారితే తయారీదారు నుంచి కొత్త కొటేషన్ రావడానికే కొన్ని రోజులు పడుతుంది.

జవాబు ఆలస్యమైతే గడువు పొడిగింపు అడగవచ్చు. ‘తగినంత సమయం ఇవ్వగలరు’ అని కాకుండా, ఏ జవాబు వల్ల ఏ పని మళ్లీ చేయవలసి వస్తోంది, ఎన్ని రోజులు కావాలి అన్నది చెప్పాలి. ప్రభుత్వ కొనుగోళ్లపై ఐరోపా సమాఖ్య 2014 ఆదేశం, సమయానికి అడిగిన అదనపు సమాచారాన్ని మామూలు పద్ధతిలో బిడ్ గడువుకు 6 రోజుల ముందుకల్లా ఇవ్వాలంటుంది, ఇవ్వలేకపోతే గడువు పొడిగించాలంటుంది. ఇతర చోట్ల కూడా ఈ తర్కంతోనే కోరవచ్చు.

జవాబు వచ్చాక

జవాబుల పత్రం అందగానే మొదట చూడవలసింది అది అడెండమా, వట్టి వివరణా అని. పత్రాల ప్రాధాన్య క్రమం క్లాజులో అడెండం పైన ఉంటుంది, జవాబుల పట్టిక చాలాసార్లు జాబితాలోనే ఉండదు. ప్రీబిడ్ సమావేశంలో నోటిమాటగా చెప్పినదైతే మినిట్స్‌లోకి ఎక్కేదాకా లేనట్టే. ప్రపంచ బ్యాంకు పత్రాల్లో వివరణ వల్ల మార్పు అవసరమైతే దాన్ని అడెండంగానే జారీ చేయాలన్న నియమం ఉంది. మన ఉదాహరణలో కొనుగోలుదారు ‘పూర్తి లోడు 10 కిలోవాట్లు, క్లాజు 4.3 వర్తిస్తుంది’ అని జవాబిచ్చి బీవోక్యూను మార్చకుండా వదిలేశాడనుకోండి. వెంటనే ఒక్క వాక్యంతో మళ్లీ రాయాలి: ‘మీ జవాబు 7కు అనుగుణంగా సవరించిన బీవోక్యూ జారీ చేయగలరు.’ గడువు దాటినా ఇది కొత్త ప్రశ్న కాదు, వాళ్ల జవాబుకు కొనసాగింపు. అందుకే చాలావరకు స్పందిస్తారు.

అప్పటికీ ‘టెండరు పత్రం ప్రకారం’ అనే జవాబే మిగిలితే, రెండు అర్థాల్లో ఖర్చెక్కువైన దానికి ధర వేయాలి, లేదా బిడ్ మానుకోవాలి. ‘42 ఏహెచ్ అని భావించి ధర ఇస్తున్నాం’ అని బిడ్‌లో రాయడం తేలిక దారిలా కనిపిస్తుంది. చాలా టెండర్లలో దాన్ని షరతుతో కూడిన బిడ్‌గా లెక్కగట్టి తిరస్కరిస్తారు. అలాంటి ఊహలను అనుమతిస్తారా లేదా అన్నది కూడా ప్రశ్నల గడువులోపలే అడిగి ఉంచుకోవాలి.

సవరించిన బీవోక్యూ వస్తే పాత ఫైలును బిడ్ ఫోల్డరులోంచి తీసేయాలి. పాత ధరల పట్టికలో అంకెలు నింపి అప్‌లోడ్ చేయడం, అడెండాలు అందినట్టు బిడ్ ఫారంలో వాటి నంబర్లు రాయకపోవడం, ఈ రెండు కారణాలతోనే మంచి బిడ్లు బయటికి పోతుంటాయి.

బిడ్లు తెరిచాక ప్రశ్నల దిశ తిరగబడుతుంది. అప్పుడు అడిగేది కొనుగోలుదారు, జవాబివ్వవలసింది బిడ్డరు. లెక్కల్లో దొర్లిన కూడికల తప్పు సరిదిద్దడం మినహా ధరను గానీ, ఇచ్చిన ప్రతిపాదన సారాన్ని గానీ ఆ జవాబుతో మార్చడానికి మామూలుగా వీలుండదు. 42 ఏహెచ్, 65 ఏహెచ్ మధ్య తేడాను ఆ దశలో ఎవరూ సరిదిద్దనివ్వరు.